కీ గుర్తు బ్లింక్ అవుతుంటే సెల్లు మార్చే ముందు తెలుసుకోవాల్సింది

మైపాడు బీచ్ దగ్గర ఆదివారం సాయంత్రం పొద్దుగూకే వేళ జరిగేలాంటి సంగతి ఒకటి చెప్పుకుందాం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు వచ్చిన కుటుంబం, నాలుగైదేళ్ల నాటి చిన్న కారు. బటన్ స్టార్ట్ కాదు, కీ పెట్టి తిప్పే రకం, కీ తలలోనే లాక్, అన్‌లాక్ బటన్లు ఉంటాయి. పిల్లలతో పాటు నీళ్లలోకి దిగిన తండ్రికి నిక్కరు జేబులో కీ ఉందన్న ధ్యాసే లేదు. ఒడ్డుకొచ్చాక బటన్ నొక్కితే డోరు తెరుచుకోలేదు. కీ పెట్టి తిప్పితే తెరుచుకుంది. లోపల కూర్చుని ఇగ్నిషన్ తిప్పితే సెల్ఫ్ ఎప్పటిలాగే బలంగా తిరిగింది, ఇంజన్ మాత్రం అందుకోలేదు. మీటర్ బోర్డులో ఎప్పుడూ పట్టించుకోని చిన్న కీ బొమ్మ ఒకటి గబగబా వెలిగి ఆరుతోంది.

పక్కన మొక్కజొన్న కండెలు కాల్చే ఆయన వచ్చి, "కీలో సెల్లు తడిసిపోయుంటాదన్నా, మార్చి చూడు" అన్నాడు. ఎవరున్నా అదే చెప్తారు. బటన్ పనిచేయడం లేదు, కీ బొమ్మ కొట్టుకుంటోంది, కాబట్టి కీలో సెల్లు అయిపోయింది అనుకోవడం సహజం. ఎవరో బైక్ మీద ఇందుకూరుపేట దాకా వెళ్లి కొత్త సెల్లు తెచ్చారు, ఇంకా తడి ఆరని కీలోనే దాన్ని పెట్టేశారు. బటన్ పనిచేయలేదు, కీ బొమ్మా ఆగలేదు. ఆ తర్వాత నలుగురూ కలిసి బండిని తోశారు, రెండో గేరులో వేసి క్లచ్ వదిలారు, ఇంజన్ తిరిగిందే తప్ప అంటుకోలేదు.

ఇందులో సెల్లు కోసం పరిగెత్తడమూ బండిని తోయడమూ ఉత్త శ్రమే. తడి కీలో కొత్త సెల్లు పెట్టడం అయితే అంతకంటే చెడ్డ పని, అది కీకి అదనంగా నష్టం చేసింది. ఎందుకో అర్థం కావాలంటే ఆ కీ తలలో ఏముందో చూడాలి.

రిమోట్ ఉన్న కారు కీలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పనులు జరుగుతాయి. మొదటిది అందరికీ తెలిసిన లాక్, అన్‌లాక్. బటన్ నొక్కితే కీలోని చిన్న రేడియో, మన దేశంలో అమ్మే చాలా కార్లలో 433 మెగాహెర్ట్జ్ మీద, ఒక సందేశం పంపుతుంది. దానికి కరెంటు కావాలి, ఆ కరెంటు ఇచ్చేది సెల్లు. రెండోది ఇంజన్‌కి అనుమతి ఇవ్వడం. ఈ పని చేసేది ట్రాన్స్‌పాండర్ అనే చిప్. కీ పెట్టి తిప్పే కార్లలో దీనికి సెల్లుతో పని లేదు. ఇగ్నిషన్ తాళం చుట్టూ, ప్లాస్టిక్ మూత వెనక, చేతి గాజులాంటి గుండ్రటి రింగులో సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఆ చుట్టలో సాధారణంగా సెకనుకు 1,25,000 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు పారుతుంది, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కీలోని చిప్‌కి కూడా సొంతంగా ఒక బుల్లి తీగచుట్ట ఉంటుంది. ఆ క్షేత్రం వల్ల ఈ చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది, చిప్ మేలుకోవడానికి ఆ కాస్త చాలు. వైర్‌లెస్ చార్జర్ మీద ఫోన్ పెడితే వైరు లేకుండా చార్జ్ ఎక్కినట్టే ఇదీనూ.

మేలుకున్న చిప్ తన గుర్తింపు నంబరు చెప్తుంది. కొంచెం కొత్త కార్లలో అంతటితో సరిపోదు. కారు ఒక లెక్క ఇస్తుంది, చిప్ తనలో దాచుకున్న రహస్య సంకేతంతో దానికి జవాబు కట్టి పంపుతుంది. లెక్క ప్రతిసారీ మారుతుంది కాబట్టి పాత జవాబును దొంగిలించి వాడుకోవడం కుదరదు. జవాబు సరిపోతే, బండి దొంగల పాలవకుండా కాపలా కాసే ఇమొబిలైజర్ యూనిట్ ఇంజన్ కంప్యూటర్‌కి సరే అంటుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. సరిపోకపోతే కీ బొమ్మ బ్లింక్ అవుతుంది, ఇంజన్ కంప్యూటర్ పెట్రోల్ కొట్టే ఇంజెక్టర్లను ఆపేస్తుంది. కొన్ని కార్లు సెల్ఫ్‌నే తిరగనివ్వవు, కొన్ని సెల్ఫ్ తిరగనిచ్చి ఇంజన్‌ని అంటుకోనివ్వవు, మరికొన్నింటిలో ఇంజన్ ఒక్క క్షణం అందుకుని ఒకటి రెండు సెకన్లలో చచ్చిపోతుంది. తోసినా ఫలితం లేనిది ఇందుకే. తోస్తే సెల్ఫ్ చేసే పని మాత్రమే మనం చేసినట్టు, ఇంజెక్టర్లకు రావాల్సిన అనుమతి అలా రాదు.

ఈ బొమ్మను చదవడంలో కూడా చిన్న పొరపాటు జరుగుతుంటుంది. మామూలుగా ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. అది మంచిదే, కీని గుర్తుపట్టింది అని అర్థం. బండి ఆపి లాక్ చేసి వెళ్లాక రాత్రంతా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఒకటి నిదానంగా మిణుకుమంటుంటే అది కూడా సమస్య కాదు, లోపల కాపలా ఉందని బయటివాళ్లకు తెలిసేలా పెట్టింది. సమస్య ఎక్కడంటే, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా బ్లింక్ అవుతుంటేనే. మారుతీ కార్ల ఓనర్ మాన్యువల్‌లో ఈ సంగతి సూటిగా రాసి ఉంటుంది, ఇగ్నిషన్ ఆన్‌లో ఈ లైటు బ్లింక్ అయితే ఇంజన్ స్టార్ట్ కాదు అని. కీని ఒకసారి ఆఫ్‌కి తిప్పి మళ్లీ ఆన్ చేసి చూడమనే సలహా కూడా ఉంటుంది, అది పనికొచ్చే సలహానే. చిప్‌తో మాట కలపడానికి కారుకి రెండో అవకాశం దొరుకుతుంది.

ఆ రెండో అవకాశం ఇచ్చేటప్పుడు కీని ఒంటరిగా పెట్టి ఇవ్వడం ముఖ్యం. మన ఇళ్లలో కారు కీ ఒక్కటే ఉండటం అరుదు. అదే గుత్తికి ఇంటి తాళం, బీరువా తాళం, పొలంలో మోటార్ షెడ్డు తాళం, స్కూటర్ కీ, దేవుడి బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ల, అన్నీ వేలాడుతుంటాయి. చిప్ ఉన్న మరో కారు కీ అదే గుత్తిలో ఉంటే రెండు చిప్‌లూ ఒకేసారి జవాబు చెప్పబోయి ఏదీ అర్థం కాకుండా పోతుంది. పెద్ద లోహపు బిళ్ల కీ తలకు ఆనుకుని ఉన్నా క్షేత్రం బలహీనపడుతుంది. కాబట్టి మొదట చేయాల్సిన పని కీని గుత్తి నుంచి విడదీసి, మిగతావన్నీ వెనక సీటులో పడేసి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ తిప్పడం. ఖర్చు లేని పరీక్ష, చాలామంది చేయని పరీక్ష.

మైపాడు కీ సంగతికి వద్దాం. సముద్రపు నీళ్లు లోపలికి పోయాయి. ఈ కీలో చిప్ విడిగా లేదు, రిమోట్ బోర్డు మీదే కలిసి ఉంది, దాని తీగచుట్ట కూడా బోర్డు అంచున బియ్యపు గింజకంటే కాస్త పెద్దదిగా, రెండు చివర్లా టంకంతో అతికించి ఉంది. ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది. బోర్డు మీద తడి ఉండి, పక్కన 3 వోల్టుల సెల్లు ఉంటే, ఆ రెంటి మధ్యా కరెంటు పారుతూ రాగినీ టంకాన్నీ కొరుక్కుతింటుంది. పచ్చగా, తెల్లగా పిండి కట్టినట్టు పేరుకునేది అదే. అందుకే తడిసిన కీలోకి కొత్త సెల్లు పెట్టడం చెడ్డ పని అన్నది. పాత సెల్లు కాస్తో కూస్తో డీలా పడి ఉంటే, కొత్తది పూర్తి బలంతో ఆ కొరుకుడు పని కొనసాగిస్తుంది.

నీళ్లలో పడ్డ కీకి చేయాల్సింది దీనికి సరిగ్గా తిరగేసినది. వెంటనే సెల్లు తీసేయాలి. సముద్రపు నీళ్లయితే బోర్డును మంచినీళ్లతో, దొరికితే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. నీళ్లలో పడ్డదాన్ని మళ్లీ నీళ్లతో కడగడమేంటి అనిపిస్తుంది కానీ, కడక్కుండా ఆరబెడితే నీరు ఆవిరైపోయి ఉప్పు బోర్డు మీదే ఉండిపోతుంది, మన కోస్తా గాలిలోని తేమకు అది మళ్లీ చెమ్మగిల్లి పని మొదలుపెడుతుంది. కడిగాక మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, ఫ్యాను కింద ఒక రోజు ఆరనివ్వాలి. ఎర్రటి ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెట్టడం, పొయ్యి దగ్గర కాచడం వద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది.

ఆ సాయంత్రం బండిని కదిలించింది మాత్రం ఇవేవీ కాదు, ఇంటి బీరువాలో ఉన్న రెండో కీ. బావమరిది బైక్ మీద తెచ్చాడు. తడిసిన కీని దూరంగా పెట్టి ఈ కీ తిప్పితే బొమ్మ రెండు సెకన్లు వెలిగి ఆరిపోయింది, ఇంజన్ అందుకుంది. ఈ ఒక్క పరీక్షతో సగం విశ్లేషణ తేలిపోయినట్టే. రెండో కీతో స్టార్ట్ అయితే లోపం మొదటి కీలో ఉంది, కారులోని తీగచుట్ట, ఇమొబిలైజర్ యూనిట్, ఇంజన్ కంప్యూటర్, వాటి మధ్య వైరింగ్, అన్నీ బాగున్నాయి. రెండు కీలతోనూ బ్లింక్ అయితే లోపం దాదాపు కచ్చితంగా కారు వైపే. ఈ పరీక్ష చేయకుండానే యూనిట్ పోయింది, ఈసీఎం అనే ఇంజన్ కంప్యూటర్ మార్చాలి అని ఎవరైనా అంచనా వేస్తే అక్కడితో ఆగి, ముందు రెండో కీ తెచ్చి చూడాలి. వందలో తేలే పని వేలల్లోకి పోయేది ఇలాంటి చోటే.

మర్నాడు ఆ కీని పైన చెప్పినట్టు కడిగి ఆరబెట్టి, మూడో రోజు కొత్త సెల్లు వేస్తే డోరు లాక్, అన్‌లాక్ మళ్లీ బాగా పనిచేశాయి. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆ కీ పెట్టి ఇగ్నిషన్ తిప్పితే మళ్లీ బ్లింక్. సెల్లు ఉంది, రిమోట్ పనిచేస్తోంది, బండి మాత్రం స్టార్ట్ కాదు. ఈ వ్యాసం మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన స్థితి ఇదే. రిమోట్ బటన్ పనిచేయడం చిప్ బాగుందనడానికి రుజువు కాదు, బటన్ చచ్చిపోవడం చిప్ పోయిందనడానికీ రుజువు కాదు. ఒకే బోర్డు మీద ఉన్నా రెండింటికీ దారులు వేరు. ఇక్కడ చిప్ పోలేదు, దానికి కరెంటు అందించే తీగచుట్టకు ఒక చివర టంకం తినేసి పోయింది. భూతద్దం కింద చూస్తే ఆ చివర చుట్టూ నల్లటి గీత కనిపిస్తుంది. మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి చుట్ట టంకం వేసిన రెండు చోట్ల బోర్డు మీదే తాకిస్తే, బాగున్నప్పుడు పదుల్లోనో వంద దాటో ఏదో ఒక విలువ చూపాలి. అసలు తగిలినట్టే చూపకపోతే ఎక్కడో తెగింది. ఇలాంటి సన్నటి టంకం పని మొబైల్ బోర్డులు బాగుచేసే చేయి తిరిగినవాళ్లు చేయగలరు, అదే చిప్ అదే బోర్డు కాబట్టి మళ్లీ ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. కీ చేయి జారి గచ్చు మీద పడినప్పుడు కూడా సరిగ్గా ఈ చోటే బీట పడుతుంది. అప్పుడు ఒకసారి స్టార్ట్ అయ్యి ఒకసారి కాకపోవడం, కీ తలను వేలితో కాస్త నొక్కిపట్టి తిప్పితే స్టార్ట్ అవడం లాంటివి కనిపిస్తాయి.

అన్ని కీలలోనూ చిప్ బోర్డు మీద ఉండదు. చాలా మోడళ్లలో అది విడిగా, నల్లటి బలపం ముక్కలాగా, సెంటీమీటరు పైచిలుకు పొడవుతో, కీ తలలో ఓ గుంటలో ఇరికించి ఉంటుంది. పాత కీలలో కొన్నింటిలో సన్నటి గాజు గొట్టంలా ఉంటుంది, లోపల రాగి తీగ చుట్టిన పుల్ల కనిపిస్తుంది. దానికి బయట తీగలు, టంకాలు, ప్లస్ మైనస్‌లు ఏవీ ఉండవు కాబట్టి చూసినవాళ్లకు అది ఎలక్ట్రానిక్ వస్తువనే అనిపించదు. ఇక్కడే ఇంకో రకం ప్రమాదం. కీ కవర్ అరిగిపోయింది, బటన్ రబ్బరు చిరిగింది అని ఆన్‌లైన్‌లో కొత్త ఖాళీ కవర్ తెప్పించి, ఇంట్లోనే రిమోట్ బోర్డునూ కీ బ్లేడునూ కొత్త కవర్‌లోకి మార్చి, పాతదాన్ని చెత్తబుట్టలో వేస్తారు. కొత్త కవర్ నిగనిగలాడుతుంది, డోర్లు తెరుచుకుంటాయి, బండి స్టార్ట్ కాదు. చిప్ పాత కవర్ గుంటలోనే ఉండి చెత్తబండి ఎక్కేసింది. కీ విప్పినప్పుడల్లా, ముందు కింద తెల్లటి గుడ్డ పరిచి, బోర్డు తీశాక ఖాళీ కవర్ రెండు ముక్కలనూ వెలుగులో తిప్పి చూడటం వల్ల ఇది తప్పుతుంది. పాత కవర్ ఇంకా చేతిలోనే ఉంటే దాన్ని ఇగ్నిషన్ తాళానికి ఆనించి పట్టుకుని కొత్త కీ తిప్పండి. బండి స్టార్ట్ అయితే చిప్ ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

డూప్లికేట్ కీ కథ కూడా దీని పక్కనే ఉంటుంది. బజారులో గొడుగు కింద మిషన్ పెట్టుకుని తాళాలు కోసే వాళ్లు ఇనుప బ్లేడును అచ్చుగుద్దినట్టు కోసిస్తారు, ఆ పనితనంలో వంకపెట్టేది లేదు. ఆ కీ డోరు తీస్తుంది, ఇగ్నిషన్ కూడా తిరుగుతుంది, కానీ అందులో చిప్ లేదు, లేదా ఉన్న చిప్ ఆ కారుకి పరిచయం లేదు. కాబట్టి బొమ్మ బ్లింక్ అవుతుంది. కోత తప్పయి కాదు, అందుకని మళ్లీ మళ్లీ అరగదీయించడం వల్ల ఒరిగేదేమీ లేదు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి చూస్తే ఇలాంటప్పుడు `P0513` అనే కోడ్ కనిపించవచ్చు, కీ సరైనది కాదు అని దాని అర్థం. `P0633` వస్తే ఆ కీ ఇంజన్ కంప్యూటర్‌లో నమోదు కాలేదని. కంపెనీలు సొంత కోడ్‌లు కూడా వాడతాయి కాబట్టి ఈ రెండే రావాలని లేదు.

ఇంతవరకూ చెప్పింది కీ పెట్టి తిప్పే కార్ల గురించి. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లలో లెక్క మారుతుంది, సెల్లును అనుమానించడం అక్కడ న్యాయమే. స్మార్ట్ కీ అనే ఈ రకం కీ జేబులోనే ఉంటుంది, ఇగ్నిషన్ తాళమే లేదు, కాబట్టి కారు దూరం నుంచే కీని వెతుక్కోవాలి. డోరు హ్యాండిళ్లలోనూ లోపల సీట్ల దగ్గరా ఉన్న యాంటెన్నాలు మీటరు అటూ ఇటూ దూరానికి అందే సన్నటి పిలుపు పంపుతాయి. అంత దూరంలో ఆ క్షేత్రానికి చిప్‌ని నడిపేంత బలం ఉండదు, నిద్రలో ఉన్న కీని లేపడానికి మాత్రమే సరిపోతుంది. లేచిన కీ తన సెల్లు బలంతో రేడియో మీద జవాబిస్తుంది. సెల్లు నీరసిస్తే ఆ జవాబు రాదు, లేదా అందదు, కీ కనిపించడం లేదని స్క్రీన్ మీద మెసేజ్‌తో పాటు బొమ్మ బ్లింక్ అవుతుంది.

సెల్లు అయిపోతున్నప్పుడు ముందే కొన్ని సూచనలు ఇస్తుంది. ఇదివరకు ఇంటి గుమ్మం దగ్గర నుంచి తెరుచుకున్న డోరు ఇప్పుడు బండి పక్కకు వస్తే గానీ తెరుచుకోదు. బటన్ రెండు మూడు సార్లు నొక్కాలి. కీ మీద చిన్న లైటు ఉంటే అది మందగిస్తుంది. చాలా కీలలో ఉండేది CR2032, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న లిథియం సెల్లు. CR2025 కూడా అంతే వెడల్పు, మందం మాత్రం 2.5. సైజు దగ్గరగా ఉంది కదా అని ఒకదాని చోట ఇంకొకటి పెడితే పలకలు సరిగా తగలవు, అటు కదిపితే పనిచేస్తుంది, ఇటు కదిపితే పనిచేయదు. మీటర్‌తో కొలిచి 2.9 వోల్టులు ఉంది కదా అనుకోవడం కూడా మోసం చేస్తుంది. పనేమీ చేయకుండా కూర్చున్నప్పుడు పాత సెల్లు కూడా దాదాపు నిండు వోల్టేజే చూపుతుంది, రేడియో ఆన్ అయ్యి కాస్త కరెంటు లాగగానే పడిపోతుంది. అనుమానం ఉంటే కొలవడం కంటే మంచి కంపెనీ కొత్త సెల్లు వేసి చూడటమే మేలు. తీసేసిన పాత సెల్లును టేబుల్ మీద వదలకండి. పసిపిల్లలు మింగితే గొంతు లోపల ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేస్తుంది, మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఇక అసలు టెన్షన్ పడాల్సిన అవసరం లేని సంగతి. ఒంగోలు నుంచి నెల్లూరు వస్తూ కావలి దగ్గర హైవే పక్కన టీ తాగడానికి ఆగారు, తిరిగి వచ్చి బటన్ నొక్కితే కీ దొరకడం లేదంటోంది. రాత్రి పదకొండు, సెల్లు అమ్మే షాపు ఒక్కటీ తెరిచి లేదు. ఈ పరిస్థితి కోసమే స్మార్ట్ కీలో కూడా సెల్లు అక్కర్లేని ట్రాన్స్‌పాండర్ ఒకటి పెట్టారు, స్టార్ట్ బటన్ చుట్టూనో దగ్గర్లోనో పాత పద్ధతి తీగచుట్ట కూడా పెట్టారు. కీని తెచ్చి బటన్‌కు ఆనించాలి, బ్రేకు, మాన్యువల్ గేర్లయితే క్లచ్ కూడా, నొక్కిపట్టాలి. దేన్ని ఆనించాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. హ్యుందాయ్ కార్లలో కీ మీద లాక్ బటన్ ఉన్న వైపుతోనే స్టార్ట్ బటన్‌ను నేరుగా నొక్కాలి. టొయోటాలో కీ మీద వాళ్ల గుర్తు ఉన్న వైపును బటన్‌కు తాకించి, చప్పుడు వచ్చాక నొక్కాలి. హోండాలో బటన్ మెరుస్తుండగా కీ మీద హెచ్ గుర్తు ఉన్న వైపును దాని మధ్యలో తాకించాలి. కొన్ని పాత మోడళ్లలో కీని దూర్చడానికి ప్రత్యేకంగా ఒక గూడు ఉంటుంది. ఇది ఒక సెంటీమీటరు దూరం ఆట, వేళ్ల మధ్య కీ వేలాడేస్తే అందదు, నిజంగా ఆనించాలి. కీకి తోలు కవరో లోహపు కవరో తొడిగి ఉంటే తీసేయాలి. డోరు తెరవడానికి ఆ కీ లోపలే దాచిన ఇనుప బ్లేడు ఉంటుంది, పక్కనున్న చిన్న మీట జరిపితే బయటికొస్తుంది. బ్లేడుతో తెరిచినప్పుడు అలారం మోగితే కంగారు పడకండి, ఇంజన్ స్టార్ట్ అయితే చాలా బండ్లలో ఆగిపోతుంది. ఒకసారి ఇంజన్ నడవడం మొదలయ్యాక సెల్లు లేదన్న కారణంతో ప్రయాణంలో ఆగదు. నెల్లూరు దాకా నిశ్చింతగా రావచ్చు, మధ్యలో ఆపితే మాత్రం మళ్లీ ఆనించి స్టార్ట్ చేయాల్సి వస్తుంది.

ఇక్కడి నుంచి ఒక మంచి రోగనిర్ణయం కూడా దొరుకుతుంది. బటన్‌కు ఆనిస్తే స్టార్ట్ అయ్యి, జేబులో ఉంటే కాకపోతే, చిప్ బాగుంది, లోపం సెల్లులోనో, కీలోని రేడియోలోనో, లేదా రెంటి మధ్యా అడ్డు వస్తున్న దేనిలోనో ఉంది. సెల్లు మార్చే ముందు ఆ మూడోదాన్ని కూడా చూడాలి, ఎందుకంటే కీనీ ఫోన్‌నీ ఒకే జేబులో అంటించి పెట్టుకోవడం, లోపల చౌకరకం మొబైల్ చార్జర్ గుచ్చి ఉంచడం లాంటివాటికి కూడా ఆ సన్నటి పిలుపు మునిగిపోతుంది. ఫోన్‌ని పక్క సీటులో పెట్టి చార్జర్ పీకేసి ఒకసారి ప్రయత్నించండి. ఆనించినా కూడా బ్లింక్ అవుతూనే ఉంటే అప్పుడు సెల్లు వల్ల అయ్యేది ఏమీ లేదు, ట్రాన్స్‌పాండర్‌నో కారు వైపునో చూడాల్సిందే.

కారు వైపు లోపాల గురించి కొద్దిగా. రెండు కీలతోనూ బ్లింక్ అవుతుంటే ముందు పెద్ద బ్యాటరీని చూడండి. సెల్ఫ్ కొట్టగానే మీటర్ బోర్డు లైట్లన్నీ డల్ అయిపోయి టకటక చప్పుడు వస్తే, వోల్టేజీ మరీ పడిపోయి ఇమొబిలైజర్ యూనిట్ మాట మధ్యలోనే తెగిపోయి ఉండవచ్చు. ఆగి ఉన్న బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10 కంటే బాగా కిందికి జారితే అనుమానించాలి. బొమ్మ బ్లింక్ అవుతుండగా పదే పదే సెల్ఫ్ కొడితే మొదట్లో లేని ఈ జబ్బును మనమే తెచ్చిపెట్టుకుంటాం. బ్యాటరీ బాగుంటే తర్వాతి అనుమానం ఇగ్నిషన్ తాళం చుట్టూ ఉన్న రింగు, దాని కనెక్టర్. స్టీరింగ్ కింద మూత తీసి మ్యూజిక్ సిస్టమో, సెంట్రల్ లాకో, జీపీఎస్ ట్రాకరో బిగించిన కొద్ది రోజులకే ఇది మొదలైతే ఆ కనెక్టర్ వదులైందేమో చూడమని ఆటో ఎలక్ట్రీషియన్‌కి చెప్పాలి. అక్కడా ఏమీ లేకపోతే ఆ తర్వాతది కంపెనీ స్కానర్ ఉన్నచోట తేలాల్సిన పని.

కీ నిజంగానే పోయినా, చిప్ పగిలినా, కొత్త కీని కారుకి పరిచయం చేయించాలి. దీనికి బండి కూడా వెళ్లాలి, కీ ఒక్కటే పట్టుకెళ్తే కుదరదు. సర్వీస్ సెంటర్‌లో ఆర్‌సీ, ఓనర్ గుర్తింపు కార్డు అడుగుతారు, అడగాలి కూడా. స్కానర్‌ను కలిపి, ఆ కారుకి సంబంధించిన రహస్య కోడ్‌తో కొత్త చిప్‌ని నమోదు చేస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మంచి కీని కూడా తప్పకుండా తీసుకెళ్లండి, ఎందుకంటే చాలా కార్లలో ఈ పని చేసేటప్పుడు పాత జాబితా మొత్తం చెరిపి, చేతిలో ఉన్న కీలనే మళ్లీ రాస్తారు. ఇంట్లో వదిలేసిన మంచి కీ ఆ సాయంత్రం నుంచి బ్లింక్ అయ్యే కీగా మారిపోతుంది. అదే పద్ధతిలో ఒక లాభమూ ఉంది, ఎక్కడో జారిపోయిన కీ ఎవరికైనా దొరికినా, దాంతో డోరు తీయగలరేమో గానీ బండిని నడుపుకుపోలేరు.

బండి కొన్నప్పుడు కీలతో పాటు చిన్న రేకు బిళ్లో ప్లాస్టిక్ బిళ్లో మీద ఒక నంబరు ఇస్తారు, అది బ్లేడు కోత నంబరు. దాన్ని ఫోటో తీసి పెట్టుకుని, బిళ్లను కారులో కాకుండా ఇంట్లో దాచాలి. బీరువాలోని రెండో కీని రెండు మూడు నెలలకోసారి బయటికి తీసి దాంతోనే ఒకసారి ఇంజన్ స్టార్ట్ చేసి చూడండి. స్మార్ట్ కీ అయితే వాడకపోయినా కారు పక్కనే ఉన్నంతసేపూ పిలుపు వింటూ సెల్లు తినేస్తుంటుంది కాబట్టి, దాన్ని పార్కింగ్ గోడకు ఆనుకున్న గదిలో కాకుండా లోపలి గదిలో పెట్టాలి.